30 టీములు, ఒక రాత్రి: పొద్దున డెమోలు అయ్యేసరికి ఎవరూ మెలకువగా ఉండేలా లేరు

పచ్చజెండా
కాలేజీలో 24 గంటల హ్యాకథాన్ పెడుతున్నాం. 30 టీములు, టీముకి నలుగురు, మొత్తం 120 మంది. ప్లాన్ ఇలా రాసుకున్నాం: శనివారం 10కి ప్రారంభం, 11కి కోడింగ్ మొదలు, ఆదివారం 11కి ఆపడం. 11:15 నుంచి వేదిక మీద డెమోలు, ఒక్కో టీముకి 4 నిమిషాలు, ప్రశ్నలకి 2 నిమిషాలు. ఐదుగురు జడ్జీలు ముందు వరసలో కూర్చుని అందరినీ చూస్తారు. 2:30కి బహుమతులు. మెంటర్లు ఎనిమిది మంది, 24 గంటలూ ఉంటామన్నారు. రాత్రి 9కి భోజనం, 2కి టీ. పడుకోవడానికి ఒక క్లాస్‌రూమ్. ఇందులో ఎక్కడ తేడా కొడుతుందో చెప్పండి, వాయించినా పర్లేదు.

లాగ్‌బుక్
2:30కి బహుమతులు జరగవు. 30 టీములకి 6 నిమిషాల చొప్పున 3 గంటలు అని లెక్క వేసినట్టున్నారు. ల్యాప్‌టాప్ మార్చి ప్రొజెక్టర్‌కి తగిలించడానికి నిమిషంన్నర పడుతుంది, కేబుల్ సరిపడకపోతే ఇంకా ఎక్కువ. ఏడున్నర నిమిషాలు ఇంటూ 30 అంటే 3 గంటల 45 నిమిషాలు. ఆపకుండా సాగినా మధ్యాహ్నం 3 అవుతుంది. జడ్జీలు మాట్లాడుకునేసరికి 3:45. శనివారం పొద్దున ఏడింటికి లేచిన పిల్లాడికి అది దాదాపు 33వ గంట.

ఇంకో సంగతి. ముందు డెమో ఇచ్చిన టీముకి ఆ తర్వాత మూడున్నర గంటలు పని లేదు. వాళ్లు హాల్లోనే నిద్రపోతారు, లేదా వెళ్లిపోతారు. చివరి టీము ఖాళీ కుర్చీలకి డెమో ఇస్తుంది.

సాయంత్రం_టీ
జూమ్‌లో బ్రేకౌట్ రూములు పెడితే కేబుల్ గొడవ ఉండదు కదా? ఒక్కో రూముకి ఒక జడ్జి.

లాగ్‌బుక్
@సాయంత్రం_టీ అందరూ ఒకే భవనంలో ఉన్నారండీ, ఆన్‌లైన్ కాదు. కానీ జడ్జీలని పంచడం అన్న మీ మాట మాత్రం కరెక్టే. పచ్చజెండా, వేదికని చివరి ఐదు టీములకే ఉంచండి. మొదటి రౌండు టేబుళ్ల దగ్గరే చేయండి. టీము కూర్చున్నచోటే ఉంటుంది, జడ్జీలే తిరుగుతారు. ల్యాప్‌టాప్ కదలదు, వైర్ పీకక్కర్లేదు, నడుస్తున్న సర్వర్ ఆగదు.

ప్రతి టీమునీ ముగ్గురు జడ్జీలు చూడాలనుకుంటే మొత్తం 90 చూపులు. ఆరుగురు జడ్జీలుంటే ఒక్కొక్కరికి 15. డెమోకి 3 నిమిషాలు, ప్రశ్నకి 1, మార్కులు వేసి పక్క టేబుల్‌కి నడవడానికి 1. 75 నిమిషాలు. ఆలస్యాలు కలుపుకుని షెడ్యూల్‌లో 90 రాసుకోండి.

కొత్తకాగితం
ముగ్గురు ముగ్గురిని రెండు బ్యాచ్‌లు చేసి, ఒక బ్యాచ్‌కి 1 నుంచి 15, రెండోదానికి 16 నుంచి 30 ఇచ్చేస్తే సింపుల్. సగటు తీసి పై ఐదు టీములు తీసుకోవడమే. అందరూ సమానంగా 15 చూస్తారు కాబట్టి అన్యాయం ఏమీ ఉండదు.

నిద్రగన్నేరు
@కొత్తకాగితం సమానంగా చూడటం వరకు నిజమే. కానీ మొదటి బ్యాచ్‌లో చేతికి ఎముక లేని ఇద్దరు పడ్డారనుకోండి, ఐదుగురు ఫైనలిస్టులూ 1 నుంచి 15 లోపలే తేలతారు. రెండు బ్యాచ్‌లూ కలిసి చూసిన టీము ఒక్కటి కూడా లేదు కాబట్టి, టీములు బాగున్నాయా, జడ్జీలు ధారాళమా అన్నది మార్కుల్లో ఎక్కడా తెలియదు. జడ్జీలు కలగలిసి చూడాలి.

లాగ్‌బుక్
ఆరుగురికి కలగలిసిన పట్టిక ఇదిగో. మూడేసి టీములు ఒక గుంపు, పది గుంపులు.

```
టీములు  1-3  : జడ్జీలు 6 1 2
టీములు  4-6  : జడ్జీలు 6 2 3
టీములు  7-9  : జడ్జీలు 6 3 4
టీములు 10-12 : జడ్జీలు 6 4 5
టీములు 13-15 : జడ్జీలు 6 5 1
టీములు 16-18 : జడ్జీలు 1 2 4
టీములు 19-21 : జడ్జీలు 2 3 5
టీములు 22-24 : జడ్జీలు 3 4 1
టీములు 25-27 : జడ్జీలు 4 5 2
టీములు 28-30 : జడ్జీలు 5 1 3
```

ప్రతి జడ్జికీ ఐదు గుంపులు, అంటే 15 టీములు. ఏ ఇద్దరు జడ్జీలని తీసుకున్నా సరిగ్గా ఆరు టీముల దగ్గర ఇద్దరి మార్కులూ ఉంటాయి. ఒకరి కొలత ఇంకొకరితో పోల్చడానికి ఆ ఆరే ఆధారం. ఒకే టేబుల్ దగ్గర ఇద్దరు జడ్జీలు గుద్దుకుంటే రెండోవారు పక్కదానికి వెళ్లి మళ్లీ రావాలి, నిలబడి ఎదురుచూడకూడదు. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే 75 నిమిషాలు రెండు గంటలవుతాయి.

పచ్చజెండా
అద్భుతం. కానీ నా దగ్గర జడ్జీలు ఐదుగురే. ఆరోవారిగా ఒక మెంటర్‌ని కూర్చోబెట్టనా?

టేబుల్17
వద్దండీ. రాత్రంతా ఏ టీముకి లాగిన్ పేజీ సరిచేసి ఇచ్చారో ఆ టీమునే పొద్దున చూడాల్సి వస్తుంది. ఆయన ఎంత నిజాయితీగా వేసినా పక్క టీము నమ్మదు.

లాగ్‌బుక్
@పచ్చజెండా ఐదుగురితో కూడా అవుతుంది. ఐదుగురిలోంచి ముగ్గురిని ఎంచుకునే కలయికలు సరిగ్గా పది: 123, 124, 125, 134, 135, 145, 234, 235, 245, 345. ఒక్కో కలయికకి మూడు టీములు. ఒక్కో జడ్జికి 18 టీములు, 90 నిమిషాలు. ఆరుగురు ఒప్పుకున్నా ఈ రెండో పట్టిక కూడా ప్రింట్ తీసి పెట్టుకోండి. ఆదివారం పొద్దున ఫోన్ ఎత్తని జడ్జి ఒకరు ఉంటారు. 11:20కి కొత్త పట్టిక గీయడం మొదలుపెడితే హాలంతా మీ మొహమే చూస్తుంటుంది.

కొత్తకాగితం
సరే, కలగలిపి చూశారు. ఇప్పుడైనా సగటు తీయొచ్చా?

నిద్రగన్నేరు
నేరుగా కాదు. ఒక జడ్జి అన్ని టీములకీ కలిపి సగటున 6 ఇచ్చాడు, మీ టీముకి 8 వేశాడు. అంటే తన సగటు కన్నా 2 ఎక్కువ. ఇంకో జడ్జి సగటు 8.5, పక్క టీముకి 9 వేశాడు. అర మార్కే ఎక్కువ. పచ్చి మార్కుల్లో 9 గెలుస్తుంది, కానీ మెచ్చుకున్నది మీ టీమునే. అందుకే ప్రతి మార్కులోంచి ఆ జడ్జి సొంత సగటు తీసేసి, మిగిలిన తేడాలని టీమువారీగా కూడండి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక కాలమ్ పని.

దీనికీ ఒక హద్దుంది. ఎవరికైనా నిజంగానే మంచి టీములు ఎక్కువ పడితే, ఈ లెక్క వాటిని కిందికి లాగుతుంది. కాబట్టి ఐదు, ఆరు, ఏడు స్థానాల మధ్య తేడా చిన్నదైతే జడ్జీలని పిలిచి ఆ మూడు టీముల మీదే పది నిమిషాలు మాట్లాడించండి. మొత్తం 30 మీద చర్చ పెట్టొద్దు, తెగదు.

అక్షయపాత్ర
అసలు మార్కులే అక్కర్లేదు. గావెల్ అని ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, హ్యాక్‌ఎంఐటీ అనే హ్యాకథాన్ వాళ్లు వాడటానికి రాసుకున్నది. జడ్జి ఒక టీముని చూశాక ఇప్పుడు చూసింది బాగుందా, ముందు చూసింది బాగుందా అన్నదొక్కటే నొక్కుతాడు. తర్వాత ఎటు వెళ్లాలో అదే చెప్తుంది.

లాగ్‌బుక్
@అక్షయపాత్ర జడ్జీలు ఎక్కువ ఉన్నచోట చాలా బాగుంటుంది. ఇక్కడ ఐదారుగురే. పోలికలు తక్కువైతే వరసలో మధ్య స్థానాలు గట్టిగా నిలవవు. పైగా ఓడిన టీము మాకెక్కడ తగ్గింది అని అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. 30 టీములకి నేనైతే పట్టికకే ఓటు.

అక్షయపాత్ర
విద్యార్థికి కాగితం కన్నా జడ్జి చెప్పిన రెండు వాక్యాలు ఎక్కువ పనికొస్తాయి. ఆ వాక్యాలు గావెల్ వాడినా రాయించొచ్చు. ఇక్కడ మీతో ఏకీభవించను.

టేబుల్17
అందరూ పొద్దున మీదే పడ్డారు. ఆ పొద్దున పాడయ్యేది రాత్రి వల్ల. 120 మందికి ఒక క్లాస్‌రూమ్ అంటే పడుకోవద్దని చెప్పినట్టే. తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య ఒంటి వేడి బాగా తగ్గి నిద్ర ముంచుకొచ్చే వేళ. ఆ మూడు గంటల్లో సగం మంది పడుకుంటారనుకుని 60 మందికి చోటు చూడండి. నడిచే దారితో కలిపి మనిషికి 3 చదరపు మీటర్లు, మొత్తం 180. ఆడపిల్లలకి వేరే గది, లోపల గొళ్లెం పనిచేసేది, ఆ వైపు మహిళా వాలంటీర్. దీనికి మాత్రం సర్దుబాటు లేదు.

చోటు చాలక కారిడార్‌లో చాపలు వేస్తారు. అది బయటికి పరిగెత్తాల్సిన దారి. వేయనివ్వొద్దు.

పచ్చజెండా
గదులు అడిగితే ఇస్తారు. కానీ పడుకుంటే లేవరేమోనని టీము లీడర్లు భయపడుతున్నారు.

టేబుల్17
గది గుమ్మం దగ్గర ఒక రిజిస్టర్ పెట్టండి. టీము నంబరు, పడుకున్న చాప నంబరు, లేపాల్సిన టైము. వాలంటీర్ ప్రతి పావుగంటకీ రిజిస్టర్ చూసి భుజం తట్టి లేపుతాడు. గదిలో ఫోన్ అలారాలు పూర్తిగా బంద్. ఒకరి అలారం మోగితే ఇరవై మంది లేస్తారు, దాని యజమాని తప్ప :)

టైము విషయంలో చిన్న సలహా. 20 నిమిషాలు పడుకోనివ్వండి, లేదా గంటన్నర. ముప్పావుగంటకి లేపితే గాఢనిద్రలోంచి లాగినట్టవుతుంది, ఆ తర్వాత అరగంట దాకా కీబోర్డు ముందు కూర్చుని ఏం చేస్తున్నాడో అతనికే తెలియదు. అలాంటి అరగంటలోనే తప్పు బ్రాంచ్‌ని డిలీట్ చేసేది.

సాయంత్రం_టీ
టీ 2కి ఒకసారేనా? నా పేరు చూశాక కూడా ఇలా రాశారా? రాత్రంతా ఫ్లాస్కులు నింపి పెట్టండి, పిల్లలు చురుగ్గా ఉంటారు.

అక్షయపాత్ర
@సాయంత్రం_టీ 2 గంటల టీ తర్వాత మళ్లీ ఆదివారం 7 వరకు వద్దు. కెఫీన్ తాగిన ఐదు గంటలకి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. 3కి తాగినవాడు 4కి పడుకుంటే కళ్లు మూసుకుంటాడే గానీ నిద్రపోడు. ఫ్లాస్కుల్లో వేడినీళ్లు, కెఫీన్ లేనివి ఉంచండి. మంచినీళ్లు మాత్రం టేబుల్‌కి అందే దూరంలో ఉండాలి, ఎందుకంటే బగ్ వెతికేవాడు నీళ్ల కోసం లేవడు.

భోజనం సంగతి. 9 చాలా ఆలస్యం. 7:30కి పెట్టి, కడుపు నిండా తినేది అప్పుడే ఉంచండి. అర్ధరాత్రి దాటాక చేతితో పట్టుకుని తినేవే, చిన్నవి, నూనె కారనివి. రాత్రి 1కి ప్లేటు నిండా పెడితే 1:30కి హాలంతా టేబుళ్ల మీద తలలే.

వరస లెక్క కూడా వేసుకోండి. ఒక మనిషి ప్లేటు నింపుకోవడానికి 20 సెకన్లు పడితే 120 మందికి 40 నిమిషాలు. అదే టేబుల్‌ని గోడకి ఆనించకుండా మధ్యలో వేసి రెండు వైపులా వడ్డిస్తే 20 నిమిషాలు. ఒక్క పైసా అదనం లేదు. టీములని 1–15, 16–30 అని పావుగంట తేడాతో పిలవండి.

ఎవరికి ఏ పదార్థం పడదో రిజిస్ట్రేషన్ ఫారంలోనే అడగండి. వడ్డించే గిన్నె ముందు అందులో ఏముందో కార్డు పెట్టండి. వేరుశనగ, పాలు, గోధుమ, గుడ్డు ఉంటే తప్పకుండా రాయాలి. వడ్డించేవాడిని అడిగితే లేదండీ అనేస్తాడు, వండింది అతను కాదు.

నీలికుర్చీ
మాకు 12 టీములే, 36 గంటలు పెడదామనుకుంటున్నాం. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా?

లాగ్‌బుక్
@నీలికుర్చీ 12 టీములకి పట్టిక అక్కర్లేదు. నలుగురు జడ్జీలు అందరినీ చూడొచ్చు, 12 ఇంటూ 5 అంటే గంట. కానీ 36 గంటలంటే మధ్యలో ఒక పూర్తి రాత్రి, ఇంకో సగం రాత్రి. అప్పుడు పడుకునే చోటు సగం మందికి కాదు, అందరికీ కావాలి. వేరే ప్రశ్నగా వేయండి, ఇది పచ్చజెండా గారి థ్రెడ్.

నిద్రగన్నేరు
మెంటర్ల గురించి ఎవరూ ఎత్తలేదు. ఎనిమిది మందీ 24 గంటలూ ఉంటామంటే రాత్రి 1 తర్వాత ఎవరూ ఉండరని అర్థం. అందరూ ఒకేసారి అలిసిపోతారు. షిఫ్టులు వేయండి. మొదటి మూడు గంటలు నలుగురు, ఎందుకంటే ఐడియాని కోసి చిన్నది చేయాల్సింది అప్పుడే. సాయంత్రం 6 నుంచి 11 వరకు ఆరుగురు. అర్ధరాత్రి నుంచి 6 దాకా ఇద్దరు చాలు. ఆదివారం 6 నుంచి 10:30కి నలుగురు. రాత్రి చేసిన ఇద్దరినీ పొద్దున పిలవొద్దు.

శనివారం రాత్రి 9కి మెంటర్లంతా ఒక రౌండ్ వేయాలి. ప్రతి టేబుల్ దగ్గర ఒకటే మాట: ఇప్పుడు నడుస్తున్నది చూపించండి. డిజైన్ చూపిస్తే లెక్కలోకి రాదు. మొదలై పది గంటలైనా తెర మీద ఏదీ నడవని టీము ఉంటే, ఆ టీముతో కూర్చుని రెండు ఫీచర్లు కొట్టేయించాలి. తెల్లవారి 5కి ఆ పని చేయించలేరు, అప్పటికి వాళ్లకి వినే ఓపిక ఉండదు.

టేబుల్17
దీనికి తోడు సహాయం అడిగే ఫారం. టేబుల్ నంబరు, వాడుతున్న భాష, తెర మీద వచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారు. నాలుగో గడి నింపుతుంటేనే కొందరికి జవాబు దొరుకుతుంది. ఒక్కో టికెట్‌కి పావుగంట, తెగకపోతే నోట్ రాసి ఇంకో మెంటర్‌కి. మెంటర్ కీబోర్డు ముట్టుకోకూడదు.

నీలికుర్చీ
కీబోర్డు ముట్టుకోకపోతే పావుగంటలో ఏం తేలుతుంది? ఒక లైను టైప్ చేస్తే పోయేదానికి…

టేబుల్17
ఆ ఒక లైను రాత్రి 2కి పది లైన్లవుతుంది. జడ్జి దీన్ని వివరించమంటే టీము దగ్గర మాట ఉండదు.

కొత్తకాగితం
11కి కోడింగ్ ఆపారని ఎలా తెలుస్తుంది? జడ్జి వచ్చేదాకా టైప్ చేస్తూనే ఉంటారు. git log లో టైము చూస్తే సరిపోతుందా?

లాగ్‌బుక్
సరిపోదు. కమిట్‌లో ఉండే టైము ఆ విద్యార్థి ల్యాప్‌టాప్ గడియారం చెప్పినది, మార్చడం చాలా తేలిక. 11కి మీరే అన్ని రెపోలనీ కాపీ తీసుకోండి. repos.txt లో లైనుకొక టీము నంబరు, ఒక స్పేస్, లింకు.

```
export GIT_TERMINAL_PROMPT=0
while read t u; do
  git clone --mirror "$u" "$t.git" || echo "$t" >> missing.txt
done < repos.txt
```

మొదటి లైను ఎందుకంటే, ఎవరో రెపోని ప్రైవేట్‌గా వదిలేస్తారు. అప్పుడు git పాస్‌వర్డ్ అడిగి అక్కడే నిలబడిపోతుంది, మిగతా టీములు అలాగే ఉండిపోతాయి. ఈ లైను ఉంటే అది వదిలేసి ముందుకెళ్తుంది, missing.txt లో ఎవరున్నారో చూసి వాళ్ల టేబుల్‌కి మనిషిని పంపొచ్చు. టీము నంబరుతో సేవ్ చేయకపోతే ఇంకో చిక్కు: project అనే పేరుతో నాలుగు రెపోలుంటాయి, రెండోది మొదటి ఫోల్డర్ చూసి ఆగిపోతుంది. 10కి ఒకసారి, repos.txt ని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని అక్కడ ఉత్తుత్తిగా నడిపి చూడండి. అదే ఫోల్డర్‌లో నడిపితే 11కి పాత కాపీలు చూసి git ఆగిపోతుంది. లింకులు తప్పు ఇచ్చినవాళ్లు అప్పుడే బయటపడతారు.

పచ్చజెండా
మార్చిన షెడ్యూల్ ఇది. శనివారం 11 మొదలు. 7:30 భోజనం రెండు బ్యాచ్‌లుగా. 9కి మెంటర్ల రౌండ్. 2కి టీ, అదే చివరిది. ఆదివారం 7 నుంచి 8:30 టిఫిన్. 10కి ఉత్తుత్తి కాపీ, 11కి అసలు కాపీ. 11:30 నుంచి 1 దాకా టేబుళ్ల దగ్గర జడ్జింగ్. 1కి భోజనం, అది అయ్యేలోపు మార్కుల లెక్క. 1:45కి ఐదు టీములు వేదిక మీద, ఒక్కోదానికి 8 నిమిషాలు. 2:45కి బహుమతులు.

నిద్రగన్నేరు
బాగుంది, ఒక్కటి తప్ప. కోడింగ్ 9కే ఆపేయండి. 22 గంటలు. 10:45 దాకా పడుకున్నవాడు మనిషిలా డెమో ఇస్తాడు.

కొత్తకాగితం
24 గంటలని పోస్టర్ మీద వేసి 22 ఇస్తే ఒప్పుకోరు. ఆ చివరి రెండు గంటల్లోనే అన్నీ కలుస్తాయి.

లాగ్‌బుక్
ఆ చివరి రెండు గంటల్లో విరిగేవే ఎక్కువ. నేను నిద్రగన్నేరు వైపు. అయినా పోస్టర్ అచ్చయితే ఈసారికి 11 ఉంచి, 9 తర్వాత కొత్త ఫీచర్ మొదలుపెట్టొద్దని మైకులో చెప్పండి.

అక్షయపాత్ర
విరిగినా వాళ్ల ఇష్టం, వాళ్ల టైము. చివరి నిమిషం దాకా కొట్టుకోవడమే కొందరికి కావాల్సింది.

టేబుల్17
షెడ్యూల్‌లో 2:45 తర్వాత ఏమీ రాయలేదు. నిద్రలేని 120 మంది బండి తాళాలు తీసేది అప్పుడే. పడుకునే గదులని సాయంత్రం 6 దాకా తెరిచి ఉంచండి. బండి నడిపేవాళ్లు కనీసం గంటన్నర పడుకుని వెళ్లాలని బహుమతులకి ముందే చెప్పండి, తర్వాత చెప్తే ఎవరూ వినరు. రిజిస్టర్ దగ్గర వాలంటీర్ అప్పుడు కూడా ఉండాలి, రాత్రి డ్యూటీ చేసినవాడు కాకుండా.

పచ్చజెండా
గదులు 4 దాకానే ఇచ్చారు. రేపు మళ్లీ అడుగుతాను. ఆరో జడ్జి కూడా దొరికేలా ఉంది, అయినా రెండు పట్టికలూ ప్రింట్ తీస్తున్నా.